ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1, 2, 3: స్కానింగ్ రిపోర్టు చేతికొచ్చాక అందరూ అడిగే ప్రశ్నలు

నేను కర్నూలులో అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేసే డాక్టర్ని. కిడ్నీలో రాయి ఉందేమోనని ఒకరు, కడుపు నొప్పని ఒకరు, హెల్త్ చెకప్ ప్యాకేజీలో ఉందని ఇంకొకరు వస్తారు. వచ్చిన పని ఏదైనా, చాలామంది రిపోర్టు చివర్లో ‘ఫ్యాటీ లివర్’ అని, పక్కన ఒక గ్రేడ్ నంబరు రాయాల్సి వస్తోంది. కాగితం తీసుకుని బయటికి వెళ్ళినవాళ్ళు పది నిమిషాల్లో మళ్ళీ తలుపు తట్టుతారు. ఆదోని వాళ్ళైనా, ఎమ్మిగనూరు వాళ్ళైనా, డోన్ వాళ్ళైనా అడిగేవి అవే ప్రశ్నలు. బయట ఇంకో పదిమంది నీళ్ళు తాగి కడుపు పట్టుకుని కూర్చుని ఉంటారు కాబట్టి నిలబెట్టి వివరంగా చెప్పడం కుదరదు. ఆ జవాబులే ఇక్కడ తీరిగ్గా రాశాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తి. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోండి.

## రిపోర్టు చేతికొచ్చిన రోజు

ఫ్యాటీ లివర్ అంటే లివర్ చుట్టూ కొవ్వు పేరుకుందనా?

చుట్టూ కాదు, లోపల. లివర్ కణాల్లోనే చిన్న చిన్న కొవ్వు బొట్లు చేరతాయి. నూటికి 5 కణాలకు మించి కొవ్వు కనిపిస్తే దాన్ని ఫ్యాటీ లివర్ అంటారు. మటన్ అంగట్లో కార్జం చూసే ఉంటారు, ముదురు ఎరుపులో నిగనిగలాడుతుంది. కొవ్వు పట్టిన మనిషి లివర్ ఆ రంగు కోల్పోయి పసుపు పచ్చగా, మెత్తగా, ఉబ్బినట్టు తయారవుతుంది.

ఈ కొవ్వంతా మనం తిన్న నెయ్యి, నూనెల నుంచే రాదు. అవసరానికి మించి తిన్న అన్నాన్ని, చక్కెరను లివరే కొవ్వుగా మార్చి దాచుకుంటుంది. పొట్ట దగ్గర నిండిపోయిన కొవ్వు కూడా రక్తంలో కలిసి లివర్‌కు చేరుతుంది. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయని ఒంట్లో ఈ రెండూ వేగంగా జరుగుతాయి. షుగర్ ఉన్నవాళ్ళలో ఫ్యాటీ లివర్ ఎక్కువగా కనిపించేది అందుకే.

గ్రేడ్ 1, 2, 3 అని ఏం చూసి రాస్తారు మేడమ్?

మీ కుడి పక్కటెముకల కింద జెల్ పూసి ప్రోబ్ ఆనిస్తే తెరమీద లివర్, దాని కిందుగా కుడి కిడ్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. మామూలుగా ఆ రెండూ దాదాపు ఒకే బూడిద రంగులో ఉంటాయి. కొవ్వు బొట్లు శబ్ద తరంగాలను చెదరగొట్టి వెనక్కి పంపుతాయి. అందువల్ల కొవ్వున్న లివర్ తెల్లగా మెరుస్తుంది, పక్కనున్న కిడ్నీ నల్లగా తేలుతుంది. నేను మొదట చూసేది ఆ తేడానే.

లివర్ తెల్లబడినా లోపలి రక్తనాళాల గోడలు, వెనకాల ఛాతీని, పొట్టను వేరుచేసే డయాఫ్రమ్ పొర గీత స్పష్టంగా కనిపిస్తుంటే గ్రేడ్ 1. నాళాల అంచులు, డయాఫ్రమ్ గీత మసకబారితే గ్రేడ్ 2. తరంగాలు లోపలికి దిగలేక లివర్ వెనక భాగం చీకటిగా మారి, నాళాల గోడలు, డయాఫ్రమ్ కనపడకుండా పోతే గ్రేడ్ 3.

ఇందులో టేపు పెట్టి కొలిచేది ఏమీ లేదని గమనించండి. మీ గ్రేడ్ నంబరు, ఆ బొమ్మను చూసిన డాక్టరు కంటి అంచనా.

పోయిన నెల వేరే సెంటర్లో గ్రేడ్ 1 అని రాసినారు, ఇప్పుడు గ్రేడ్ 2 అంటున్నారు. నెలలోనే ముదిరిందా?

ఎక్కువ సందర్భాల్లో ముదిరి ఉండదు. మిషన్ మారితే బొమ్మ మారుతుంది. మిషన్‌లో గెయిన్ అనే వెలుతురు మీట కాస్త ఎక్కువ తిప్పితే లివర్ ఇంకా తెల్లగా కనిపిస్తుంది. పొట్ట మందంగా ఉన్నవాళ్ళలో తరంగాలు చర్మం కింది కొవ్వులోనే సగం బలం పోగొట్టుకుంటాయి కాబట్టి, లివర్ వెనక భాగం ఉన్నదానికంటే మసకగా కనిపించి గ్రేడ్ పెరుగుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళలో కిడ్నీయే తెల్లబడుతుంది, అప్పుడు లివర్‌ను పోల్చడానికి ఆధారమే ఉండదు. ఒకే మనిషిని ఒకేరోజు ఇద్దరు డాక్టర్లు చూసి ఒక గ్రేడ్ తేడాగా రాయడం మా వృత్తిలో తెలిసిన సంగతే.

వీలైనంతవరకు ఒకేచోట, పరగడుపున చేయించుకుంటే పాత రిపోర్టుతో పోల్చడం సులువవుతుంది. ఒక గ్రేడ్ పెరిగిందని దిగులుపడేముందు ఈ మధ్యలో బరువు, నడుము కొలత పెరిగాయో లేదో చూసుకోండి.

గ్రేడ్ 3 అంటే లివర్ చెడిపోయినట్టేనా? గ్రేడ్ 1 అయితే భయపడాల్సింది లేదు కదా?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. గ్రేడ్ చెప్పేది కొవ్వు ఎంతుందని మాత్రమే. లివర్‌కు నిజమైన హాని కొవ్వు వల్ల లోపల వాపు వచ్చి, ఆ గాయాలు మానుతూ మచ్చ కట్టడంతో మొదలవుతుంది. ఆ మచ్చను ఫైబ్రోసిస్ అంటారు. దానికి 0 నుంచి 4 దాకా వేరే కొలత ఉంది. నాలుగోది సిరోసిస్. స్కానింగ్ రిపోర్టులోని గ్రేడ్‌కూ ఈ కొలతకూ సంబంధం లేదు. గ్రేడ్ 3 ముదిరితే సిరోసిస్ అవుతుందని వరసగా మెట్లు లెక్కపెట్టుకోవడం తప్పు.

గ్రేడ్ 3 ఉండి మచ్చే లేనివాళ్ళు ఉంటారు. గ్రేడ్ 1 ఉండి లోపల మచ్చ బాగా కట్టినవాళ్ళూ ఉంటారు. ఇంకా కలవరపెట్టే విషయం, సిరోసిస్ దాకా పోయిన కొన్ని లివర్లలో కొవ్వే తగ్గిపోతుంది. ‘గ్రేడ్ 3 నుంచి గ్రేడ్ 1కి వచ్చింది’ అని సంతోషపడే సమయానికి అసలు జబ్బు ముదిరి ఉండవచ్చు. తొలిదశ మచ్చ మామూలు అల్ట్రాసౌండ్‌లో కనపడదు. లివర్ అంచు గతుకులుగా మారడం, ప్లీహం పెరగడం లాంటివి నాకు తెరమీద కనిపించేసరికే ఆలస్యమై ఉంటుంది. అందుకే గ్రేడ్ ఏదైనా రెండో అడుగు ఒకటే. మచ్చ ఉందో లేదో రక్తపరీక్షలతో లెక్క కట్టించుకోవాలి.

నాకు కుడిపక్క బరువుగా ఉంటుంది, ఎప్పుడూ గ్యాస్. దీనివల్లేనా?

కుడి డొక్కలో కొద్దిపాటి బరువు కొందరికి లివర్ ఉబ్బడం వల్ల ఉండొచ్చు. గ్యాస్, తేన్పులు, మంట మాత్రం దీని ఖాతాలో వేయకండి. ఫ్యాటీ లివర్ చాలామందిలో ఏ బాధా చూపించదు. భోజనం తర్వాత కుడివైపు పట్టేసినట్టు గంటల తరబడి నొప్పి వస్తుంటే పిత్తాశయంలో రాళ్ళ గురించి ఆలోచించాలి. అది ఇదే స్కాన్‌లో తెలిసిపోతుంది.

నేను మందు ముట్టను మేడమ్. నాకెట్లా వచ్చింది?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు పక్కనున్న భార్యవైపు చూసేవాళ్ళను రోజూ చూస్తాను. తాగని మనిషిని రిపోర్టు పట్టుకుని అనుమానించకండి. మన దగ్గర ఎక్కువగా కనిపించేది పొట్ట, షుగర్, బీపీ, ట్రైగ్లిజరైడ్లతో వచ్చే ఫ్యాటీ లివరే. తాగుడు అనే అపవాదు పోవాలనీ, అసలు కారణం పేరులోనే తెలియాలనీ 2023లో దీని వైద్య పేరును కూడా మార్చారు. ఇప్పుడు డాక్టర్లు దీన్ని మాసల్డ్ అంటున్నారు, జీవక్రియ లోపంతో వచ్చే ఫ్యాటీ లివర్ అని అర్థం.

తాగుడు వల్ల చేరిన కొవ్వు, తిండి వల్ల చేరిన కొవ్వు తెరమీద ఒకేలా ఉంటాయి. నేను బొమ్మ చూసి తేడా చెప్పలేను. లివర్ రక్తపరీక్షలో ఎస్‌జీఓటీ అనే అంకె, ఎస్‌జీపీటీ అనే అంకెకు రెండింతలు దాటి ఉంటే డాక్టరు తాగుడు గురించి గుచ్చి అడుగుతారు.

సన్నగా ఉన్నాను, నాకూ గ్రేడ్ 1 అని వచ్చింది. తప్పు రిపోర్టా?

తప్పు కానక్కర్లేదు. మనవాళ్ళలో చేతులు, కాళ్ళు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చే తీరు ఎక్కువ. అందుకే మనకు బీఎంఐ 23 దాటితే చాలు, అధిక బరువు అంటారు. నడుము కొలత మగవాళ్ళలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళలో 80 దాటితే లోపల కొవ్వు చేరినట్టే లెక్క. ప్యాంటు సైజు చెప్పకండి. టేపు బొడ్డు ఎత్తులో పెట్టి కొలవండి.

నడుము కూడా సరిగ్గానే ఉంటే వేరే కారణాలు వెతకాలి. థైరాయిడ్ మందగించడం, హెపటైటిస్ సి, ఎక్కువకాలం వాడిన స్టెరాయిడ్లు, కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్, రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టమాక్సిఫెన్ లాంటివి ఉంటాయి. మీరు వాడే మందుల చీటీలన్నీ డాక్టరుకు చూపించండి. మీ అంతట మీరు ఏదీ ఆపకండి.

## రక్తపరీక్షలు, మచ్చ లెక్క

స్కాన్ అయింది. ఇంకా ఏ పరీక్షలు చేయించుకోవాలి?

ప్యాకేజీ పేరుతో పాతిక పరీక్షలు అక్కర్లేదు. ప్లేట్‌లెట్లు తెలిసేలా సీబీపీ, లివర్ ఫంక్షన్ టెస్ట్, హెచ్‌బీఏ1సీ, లిపిడ్ ప్రొఫైల్ చాలు. ఇంతకుముందు ఎప్పుడూ చేయించుకోకపోతే హెపటైటిస్ బి, సి పరీక్షలు ఒక్కసారి చేయించండి. వీటిలో కొన్ని మీ ఇంట్లో పాత ఫైల్లో ఇప్పటికే ఉండొచ్చు. ఆరు నెలల లోపువైతే అవి పట్టుకుని ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళండి, కొత్తవి కావాలో వద్దో ఆయనే చెప్తారు.

ఫిబ్-4 అంటే ఏంది? ఇంట్లో లెక్క వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. లివర్‌లో మచ్చ ఉండే అవకాశం ఎంతో చెప్పే చవకైన లెక్క ఇది. వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు, ఈ నాలుగు అంకెలు చాలు. ఎస్‌జీఓటీనే కొన్ని ల్యాబులు ఏఎస్‌టీ అనీ, ఎస్‌జీపీటీని ఏఎల్‌టీ అనీ రాస్తాయి.

```
FIB-4 = (వయసు × AST) ÷ (ప్లేట్‌లెట్లు వేలల్లో × √ALT)
```

మన ల్యాబుల్లో ప్లేట్‌లెట్లు లక్షల్లో రాస్తారు. 2.3 లక్షలు ఉంటే ఇక్కడ 230 అని వేయాలి. ఈ ఒక్కచోట పొరబడితే లెక్క మొత్తం తలకిందులవుతుంది.

ఒక అక్కా తమ్ముడి కథ చెప్తాను. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. ఆదోని పత్తి మార్కెట్లో గుమాస్తాగా చేసే 46 ఏళ్ళ మనిషి కిడ్నీ రాయి అనుమానంతో వచ్చాడు. రాయి లేదు, ఫ్యాటీ లివర్ గ్రేడ్ 2 ఉంది. కాగితం చూసి చెమటలు పట్టాయి. తోడుగా వచ్చిన 58 ఏళ్ళ అక్క ‘నాకూ పోయినేడు ఇదే అన్నారు, గ్రేడ్ 1 అంతే, ఏం కాదులే’ అని ధైర్యం చెప్తోంది. ఆమెకు పన్నెండేళ్ళుగా షుగర్. సంచిలో ఆమె రక్తపరీక్షల కాగితం కూడా ఉంది. ఇద్దరిదీ పక్కపక్కన పెట్టి లెక్క వేశాం.

తమ్ముడికి ఎస్‌జీఓటీ 44, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు 2.3 లక్షలు. పైన 46 × 44, అంటే 2024. కింద 64కి వర్గమూలం 8 కాబట్టి 230 × 8, అంటే 1840. భాగిస్తే 1.1 వచ్చింది.

అక్కకు ఎస్‌జీఓటీ 50, ఎస్‌జీపీటీ 36, ప్లేట్‌లెట్లు 1.3 లక్షలు. పైన 58 × 50, అంటే 2900. కింద 36కి వర్గమూలం 6 కాబట్టి 130 × 6, అంటే 780. భాగిస్తే 3.7 వచ్చింది.

1.3 లోపు ఉంటే మచ్చ ముదిరి ఉండే అవకాశం తక్కువ. 1.3 నుంచి 2.67 మధ్య ఉంటే ఇంకో పరీక్షతో తేల్చుకోవాలి. 2.67 దాటితే లివర్ డాక్టరును కలవాలి. భయపడ్డ తమ్ముడిది తక్కువ ముప్పు, ధైర్యం చెప్పిన అక్కది ఎక్కువ ముప్పు. ఆమెను బల్లమీద పడుకోబెట్టి స్కాన్ చేస్తే ప్లీహం 13 సెంటీమీటర్లు దాటి ఉంది, లివర్ గరుకుగా కనిపించింది. ఏడాదిపాటు ఆ ‘గ్రేడ్ 1’ అనే మాట నమ్ముకుని ఆమె ఎవరినీ కలవలేదు. ఆ మాట పక్కన ఇంకో వాక్యం రాసి ఉంటే బాగుండేది కదా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అప్పటినుంచి షుగర్ ఉన్నవాళ్ళ రిపోర్టు చివర ‘ఫిబ్-4 లెక్క చూసుకోవాలి’ అని రాస్తున్నాను.

ఫిబ్-4 ఎప్పుడు తప్పుగా వస్తుంది?

జ్వరం వచ్చి తగ్గిన వెంటనే వేయకండి. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఎస్‌జీఓటీ పెరుగుతుంది, లెక్క పదికి కూడా పోతుంది. పూర్తిగా కోలుకుని, ప్లేట్‌లెట్లు మామూలుకు వచ్చాక మళ్ళీ రక్తం ఇవ్వండి. ముందురోజు బరువులు మోసినా, కొత్తగా జిమ్‌కు వెళ్ళినా కండరాల నుంచి ఎస్‌జీఓటీ పెరుగుతుంది.

వయసు ఈ లెక్కలో నేరుగా గుణకారంలో ఉంది కాబట్టి 35 ఏళ్ళలోపు వాళ్ళకు ఇది నమ్మదగింది కాదు. 65 దాటినవాళ్ళకు వయసే అంకెను పెంచేస్తుంది, అందుకే వాళ్ళకు 1.3 బదులు 2.0ని గీతగా తీసుకుంటారు.

ఎస్‌జీపీటీ నార్మల్ అని వచ్చింది. ఇంక లివర్ బాగున్నట్టే కదా?

అలా తేల్చలేం. ఎస్‌జీపీటీ మామూలుగా ఉండి మచ్చ కట్టినవాళ్ళు చాలామంది. మచ్చ ముదిరేకొద్దీ ఎస్‌జీపీటీ తగ్గుతూ రావడం కూడా మామూలే. కాగితంలో నల్లక్షరాల్లో హెచ్చరిక లేదని పక్కన పెట్టేయకండి.

ఫైబ్రోస్కాన్ అందరూ చేయించుకోవాలా?

అక్కర్లేదు. ఫిబ్-4 మధ్యలో ఉన్నవాళ్ళకు, ఎక్కువ వచ్చినవాళ్ళకు ఇది ఉపయోగం. మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్ళాలి. పక్కటెముకల మధ్య ప్రోబ్ పెట్టి చిన్నగా తట్టినట్టు పది సార్లు కొలుస్తారు, నొప్పి ఉండదు. లివర్ ఎంత గట్టిపడిందో కిలోపాస్కల్స్‌లో చెప్తుంది. 8 లోపు ఉంటే మచ్చ ముదిరిన అవకాశం తక్కువ, 12 దాటితే ఎక్కువ. అదే కాగితంలో క్యాప్ అని ఇంకో అంకె ఉంటుంది, అది కొవ్వు కొలత. రెండింటిలో మీరు ముందు చూడాల్సింది కిలోపాస్కల్స్ అంకె.

## తిండి, నడక, మందులు

ఎంత బరువు తగ్గితే లివర్‌కు తేడా తెలుస్తుంది?

ఒంటి బరువులో 5 శాతం తగ్గితే కొవ్వు తగ్గడం మొదలవుతుంది. 7 నుంచి 10 శాతం తగ్గితే లోపలి వాపు తగ్గుతుంది. 10 శాతం, ఆ పైన తగ్గినవాళ్ళలో మచ్చ కూడా వెనక్కి తగ్గడం చూశారు. 82 కిలోల మనిషికి ఈ లెక్క 4 కిలోలు, 6 నుంచి 8 కిలోలు, 8 కిలోల పైన అవుతుంది. సన్నగా ఉన్నవాళ్ళకు 3 నుంచి 5 శాతమే చాలు.

దీనికి ఆరు నెలలు పెట్టుకోండి. వారానికి అర కిలో తగ్గడం మంచి వేగం. నెలలో పది కిలోలు తగ్గించే పథకాల జోలికి పోకండి. ఒక్కసారిగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు కడతాయి. కఠిన ఉపవాసాలు చేసి మూడు నెలల తర్వాత రాళ్ళతో నా బల్లమీదికి వచ్చినవాళ్ళు ఉన్నారు.

అన్నం మానేసి రాగి సంగటి తింటున్నాను. చాలా?

ముద్దల సంఖ్య తగ్గితే చాలు, లేకపోతే చాలదు. వంద గ్రాముల బియ్యంలో పిండి పదార్థం 78 గ్రాముల దాకా ఉంటే రాగుల్లో 67 గ్రాముల దాకా ఉంటుంది. తేడా మీరనుకున్నంత పెద్దది కాదు. రాగుల్లో పీచు ఎక్కువ కాబట్టి త్వరగా కడుపు నిండుతుంది, అదే లాభం. పైగా మన సంగటిలో సగం బియ్యమే ఉంటుంది. మూడు ముద్దలు తిని పైన మజ్జిగన్నం కలుపుకుంటే లివర్‌కు ఏ తేడా తెలియదు.

నేను చెప్పేది ఇది. పళ్ళెంలో సగం ఆకుకూర, గోరుచిక్కుడు, బీర, సొర లాంటి కూరలు ఉండాలి. పావు భాగం పప్పు, గుడ్డు, చేప లేదా చికెన్. మిగిలిన పావులో సంగటి ఒక ముద్దో, జొన్న రొట్టె ఒకటో, అన్నం ఒక కప్పో. రాత్రి భోజనం ఎనిమిదిలోపు ముగించండి. పొలం పని చేసిన తాతల పళ్ళెం, అంగట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చునే మనకు సరిపోదు.

ఉగ్గాని బజ్జీ, చెనిక్కాయలు, ఓళిగలు అన్నీ మానాలా?

బొరుగుల ఉగ్గాని తేలికే, దాని పక్కన వచ్చే మిరపకాయ బజ్జీలదే భారం. ఇంట్లో ఉగ్గాని చేసుకుని పుట్నాల పొడి, ఉల్లిపాయ కలుపుకుని తినండి. బజ్జీ నెలకు ఒకటి రెండు సార్లకు పెట్టుకోండి. చెనిక్కాయలు మంచివే, ఉడకబెట్టినవో వేయించినవో రోజుకు ఒక గుప్పెడు తినొచ్చు. కానీ ఆ గుప్పెట్లోనే 160 కేలరీల పైన ఉంటాయి. టీవీ ముందు చాటెడు ఒలిచి తినే అలవాటు, దాని పైన ప్రతి కూరలో చెనిక్కాయల పొడి, మళ్ళీ చెనిక్కాయ నూనె, అన్నీ కలిస్తే బరువు ఎలా తగ్గుతుంది? ఇంట్లో మనిషికి నెలకు అర లీటరుకు కాస్త పైన నూనె దాటకుండా చూసుకోండి. నలుగురున్న ఇంట్లో నెలకు ఐదు లీటర్ల డబ్బా అయిపోతుంటే లెక్క తప్పినట్టే.

ఓళిగలు పండక్కి తినండి, మరుసటి మూడు రోజులు మిగిలినవి తినకండి.

పండ్ల రసాలు మంచివే కదా? టీలో చక్కెర?

పండు తినండి, రసం తాగకండి. చక్కెరలో, కూల్ డ్రింకుల్లో, రసాల్లో ఉండే ఫ్రక్టోజ్ దాదాపుగా నేరుగా లివర్‌కే చేరి కొవ్వుగా మారుతుంది. రసంలో పీచు పోయి చక్కెర మిగులుతుంది. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాలు వేసుకుంటే ఎనిమిది చెంచాల చక్కెర, నలభై గ్రాములు. బెల్లం టీ అయినా ఇదే లెక్క. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో మార్పు మొదలుపెట్టడానికి అన్నిటికంటే సులువైనది ఇదే. చక్కెర లేని కాఫీ లివర్‌కు మేలు చేస్తుందని చాలా పరిశీలనల్లో కనిపించింది. అలవాటున్నవాళ్ళు రోజుకు రెండు మూడు కప్పులు తాగొచ్చు.

ఈ ఎండల్లో నడక ఎట్లా మేడమ్?

ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండలో మధ్యాహ్నం నడవమని ఎవరూ చెప్పరు. పొద్దున ఆరున్నర లోపు, లేదా పొద్దు గూకాక నడవండి. వారానికి ఐదు రోజులు, అరగంట. మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత వేగం ఉండాలి. అది కుదరకపోతే ఇంట్లో కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిహేనుసార్లు, మెట్లు ఎక్కిదిగడం పది నిమిషాలు చేసినా పనికొస్తుంది. బరువు తగ్గకపోయినా వ్యాయామం వల్ల లివర్ కొవ్వు కొంత తగ్గుతుంది కాబట్టి, తూకం కదల్లేదని నడక ఆపకండి.

వారానికి ఒక్క బీరు తాగొచ్చా?

లివర్‌లో మచ్చ ఉంటే ఒక్క చుక్క కూడా వద్దు. మచ్చ లేకపోయినా మానేయమనే చెప్తాను. షుగర్, పొట్ట ఉన్న లివర్‌మీద మద్యం తోడైతే మచ్చ వేగంగా కడుతుంది. రోజూ తాగే అలవాటుండి చేతులు వణుకుతున్నవాళ్ళు ఒక్కసారిగా ఇంట్లో ఆపకండి, ఫిట్స్ రావచ్చు. డాక్టరు సాయంతో ఆపాలి.

లివర్ టానిక్, తిప్పతీగ కషాయం వాడితే కొవ్వు కరుగుతుందా?

మెడికల్ షాపులో ఇచ్చే లివర్ టానిక్‌లు, సిలిమారిన్, ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్రలు ఈ కొవ్వును కరిగిస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. నెలల తరబడి కొని, అదే చికిత్స అనుకుని, తిండి మార్చకుండా ఉండిపోవడం అసలు నష్టం. తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్న కేసులు కోవిడ్ సమయంలో మన దేశంలోనే బయటపడ్డాయి. పేరు తెలియని పసరు, పొడి ఏదీ తీసుకోకండి.

విటమిన్ ఇ, పయోగ్లిటాజోన్, సారోగ్లిటాజార్, సెమాగ్లుటైడ్ లాంటి మందులు కొందరికి పనికొస్తాయి. అవి ఎవరికి, ఎంత అన్నది లివర్ స్థితి, షుగర్, గుండె చూసి డాక్టరు తేల్చాలి. పక్కింటివాళ్ళ చీటీ మీకు పనికిరాదు.

లివర్‌లో కొవ్వు ఉందని కొలెస్ట్రాల్ మాత్ర ఆపేశాను. సరేనా?

సరికాదు, మళ్ళీ మొదలుపెట్టడానికి డాక్టరును కలవండి. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ళకు స్టాటిన్ మాత్రలు సురక్షితమే. వీళ్ళలో ఎక్కువమందికి ముందు వచ్చే ప్రమాదం లివర్‌ది కాదు, గుండెపోటు. ఆ మాత్ర కాపాడేది గుండెను.

## మళ్ళీ పరీక్షలు

మళ్ళీ స్కానింగ్ ఎప్పుడు? మూడు నెలలకు ఒకసారి రావాలా?

వద్దు. స్కాన్ చేసేవాళ్ళం మేమే అయినా ఈ మాట చెప్పాలి. లివర్‌లో కొవ్వు కొద్దిగా తగ్గితే అల్ట్రాసౌండ్‌లో తెలియదు. ముప్పు తక్కువ ఉన్నవాళ్ళు మూడు నెలలకు తూకం, నడుము కొలత, ఆరు నెలలకు ఎస్‌జీపీటీ, షుగర్ చూసుకుంటే చాలు. ఏడాది తర్వాత కావాలంటే ఒకసారి స్కాన్ చేయించుకోండి. ఫిబ్-4 లెక్కను షుగర్ ఉన్నవాళ్ళు ఏడాది, రెండేళ్ళకు, లేనివాళ్ళు రెండు మూడేళ్ళకు ఒకసారి మళ్ళీ వేయించుకోవాలి.

సిరోసిస్ ఉందని తేలినవాళ్ళ లెక్క వేరు. వాళ్ళు ఆరు నెలలకు ఒకసారి తప్పకుండా అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి. అప్పుడు మేం వెతికేది కొవ్వును కాదు, లివర్ క్యాన్సర్ గడ్డను. అది చిన్నగా ఉన్నప్పుడే దొరికితే చికిత్స ఉంటుంది.

ఆరు కిలోలు తగ్గినాను, అయినా గ్రేడ్ మారలేదు. కష్టమంతా వృథానా?

లేదు. నలభై శాతం కొవ్వున్న లివర్ ఇరవై అయిదుకు తగ్గినా తెరమీద ఇంకా తెల్లగానే కనిపించవచ్చు. మీ ఎస్‌జీపీటీ తగ్గిందా, హెచ్‌బీఏ1సీ తగ్గిందా, నడుము తగ్గిందా చూడండి. తగ్గి ఉంటే లివర్ బాగుపడుతున్నట్టే. ఫైబ్రోస్కాన్ ముందు చేయించుకుని ఉంటే దాంట్లోని క్యాప్ అంకెను పోల్చుకోవచ్చు.

ఏం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి పోవాలి?

కళ్ళు పచ్చబడడం, పొట్టలో నీరు చేరి ఉబ్బడం, కాళ్ళ వాపు, రక్తపు వాంతి, తారులా నల్లటి విరేచనం, మనిషి మాట తడబడి మత్తుగా ఉండడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పొద్దున చూద్దాం అనుకోకండి. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి గానీ, మీకు దగ్గరలోని పెద్దాస్పత్రి గానీ, ఎమర్జెన్సీకి నేరుగా వెళ్ళండి. పాత రిపోర్టులు తీసుకెళ్ళండి.

ఇంట్లో ఒకరికి వచ్చింది. మిగతావాళ్ళు కూడా చేయించుకోవాలా?

అందరూ వరసగా స్కాన్‌కు రానక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్ళు, పొట్ట ఉండి బీపీ లేదా ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ ఉన్నవాళ్ళు, లివర్ పరీక్షలో తేడా వచ్చినవాళ్ళు ముందు ఫిబ్-4 లెక్క వేయించుకోండి. ఇంట్లో ఎవరికైనా సిరోసిస్ ఉంటే వాళ్ళ తోబుట్టువులు, పెద్దపిల్లలు కూడా. షుగర్ చెకప్‌కు రక్తం ఇచ్చే రోజే ప్లేట్‌లెట్లు, లివర్ పరీక్ష కూడా కలిపి చేయించండి, ఇంకోసారి సూది గుచ్చుకోవాల్సిన పని ఉండదు. ఒకే పొయ్యిమీద ఒకే కూర తినే ఇంట్లో ఒక్కరికే వేరుగా వండడం నెలకు మించి సాగదు. ఆదోని తమ్ముడి ఇంట్లో జరిగింది అదే. ఆయనకు విడిగా వండడం మూడు వారాల్లో ఆగిపోయింది. నూనె డబ్బా ఐదు లీటర్ల నుంచి మూడుకు తగ్గించి అందరికీ ఒకే కూర వండడం మొదలుపెట్టాక, ఆరు నెలలకు ఆయన ఐదు కిలోలు తగ్గాడు, ఎస్‌జీపీటీ 38కి దిగింది. అక్క ఇప్పుడు ఆరు నెలలకు ఒకసారి లివర్ డాక్టరు దగ్గరికి, ఆ తర్వాత నా దగ్గరికి వస్తోంది.